ఏఐ బొమ్మ ఫ్లెక్సీ ఎక్కే ముందు ఏం చూసుకోవాలి?

"విజయవాడలో ఫ్రీలాన్స్‌గా పోస్టర్లు, ఫ్లెక్సీలు చేస్తాను. ఒక స్వీట్ షాప్ వాళ్ల దీపావళి ఫ్లెక్సీ కోసం ఏఐతో బొమ్మ చేయించాను. ప్రమిదల పళ్లెం పట్టుకున్న అమ్మాయి, వెనక షాపు. ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంది. ఆరడుగుల ప్రూఫ్ తీస్తే వేళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, బోర్డు మీద తెలుగులాంటిదేదో ఉంది, ఓనర్‌గారేమో మా స్వీట్ బాక్స్ అతికించినట్టుందన్నారు. పంపకముందే ఇవి పట్టుకునే పద్ధతి చెప్పండి సార్."
– ఒక డిజైనర్, విజయవాడ

వేళ్ల కంటే ముందు వెలుగు చూడండి. పిచ్చి అక్షరాలు చెరిపేయడం పది నిమిషాల పని, చెయ్యి బాగుచేయడానికి ఓ అరగంట పడుతుంది, కానీ వెలుగు తప్పిన బొమ్మను మళ్లీ చేయించుకోవడమే మేలు. చాలామంది వేళ్లన్నీ ఓపిగ్గా సరిచేసుకుని, చివర్లో వెలుగు కుదరలేదని గమనించి, చేసిన పనంతా పారేస్తుంటారు. మీ ఓనర్‌గారు 'అతికించినట్టుంది' అన్నది కూడా బహుశా వెలుగు సంగతే. నీడ ఎటు పడాలో ఆయన చెప్పలేకపోవచ్చు గానీ, ఏదో తేడాగా ఉందని మాత్రం కనిపెట్టేశారు.

మీ బొమ్మనే తీసుకుందాం. ప్రమిదల పళ్లెం అమ్మాయి ఛాతీ ఎత్తులో ఉంది. నిజంగా ఆ ప్రమిదలే వెలుగిస్తుంటే గడ్డం కింది భాగం, ముక్కు కింది వైపు వెలగాలి, ముక్కు నీడ పైకి పోవాలి. మంటకు దగ్గరగా ఉన్న అరచేయి ముఖం కంటే చాలా ఎక్కువ వెలగాలి, ఎందుకంటే చిన్న దీపం నుంచి దూరం రెండింతలైతే అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఏఐ డ్రాఫ్టుల్లో మామూలుగా కనిపించేది దీనికి పూర్తిగా రివర్స్. ముఖం మీద స్టూడియోలోలాగా పై నుంచి మెత్తటి లైటు, గడ్డం కింద చీకటి, మంటలు మాత్రం ధగధగా వెలుగుతూ ఉంటాయి గానీ పక్కనున్న వేలి మీద కూడా పసుపు పడదు.

షాపులో ట్యూబ్‌లైట్లు ఉన్నాయి కదా, పై నుంచి వెలుగు రావచ్చు కదా అంటారా, రావచ్చు, తప్పేం లేదు. అప్పుడు అదే మెయిన్ లైటు అనుకుని మిగతావన్నీ దానికి కుదిరాయా లేదా చూడండి: వెనక కౌంటరు మీది డబ్బాలు, స్తంభం, నేల మీది పూలకుండీ. కళ్లలో మెరుపు చుక్కలు కూడా చూడండి. ఎడమ కంట్లో చుక్క గడియారంలో పదింటి దగ్గరుంటే కుడి కంట్లోనూ అటూఇటుగా అక్కడే ఉండాలి.

నీడలను మాత్రం కంటితో అంచనా వేయకండి, ఈ విషయంలో మన కన్ను బాగా మోసపోతుంది. ఫోటోషాప్‌లో కొత్త లేయర్ మీద గీతలు గీయండి. కుండీ పై అంచులో స్పష్టంగా కనిపించే ఒక మూల పట్టుకోండి, నేల మీద ఆ మూల తాలూకు నీడ ఎక్కడ పడిందో వెతకండి, నీడ నుంచి మూల మీదుగా గీతను అలాగే పైకి సాగదీయండి. ఇలాగే మరో రెండు వస్తువులకు కూడా చేయండి. వెలుగు ఒక్క చోటు నుంచే వస్తుంటే గీతలన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి. ఆ బిందువు బొమ్మ అంచు దాటి బయట పడినా పర్వాలేదు. హనీ ఫరీద్, మరో ఇద్దరు పరిశోధకులు మార్ఫింగ్ ఫొటోలు పట్టుకోవడం మీద 2013లో రాసిన పేపర్‌కు ఆధారం కూడా ఈ జామెట్రీయే. మూడు గీతల్లో ఒకటి వేరే దారి పట్టి, అది చిన్న కుండీదైతే కుండీనే చెరిపేయండి. అమ్మాయి నీడే తేడా కొడితే ఆ డ్రాఫ్టును పక్కన పెట్టేయండి, దాని మీద ఇంకో నిమిషం కూడా ఖర్చు చేయొద్దు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త ఉంది. నేల మీద ప్రమిద ఉంటే దాని చుట్టూ ఉన్న వస్తువుల నీడలు నలువైపులకూ విచ్చుకుంటాయి, అది సహజమే. పది ప్రమిదలుంటే ఒక్కో వస్తువుకు పది పల్చటి నీడలు కూడా రావచ్చు. కాబట్టి నీడలు తలో వైపు ఉన్నాయని చూడగానే తప్పనేయకండి, గీత గీసి చూశాకే ఏదైనా అనండి.

స్వీట్ బాక్స్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. వాళ్లు పంపింది పగటి వెలుగులోనో ఫోన్ ఫ్లాష్‌తోనో తీసిన ఫొటో అయితే, ఆ తెల్లటి వెలుగు దీపాల పసుపులో ఎన్నటికీ కలవదు, ఎన్ని ఫిల్టర్లు వేసినా. బొమ్మలో మెయిన్ లైటు ఎడమ పైనుంచి వస్తుంటే, బాక్స్‌ని టేబుల్ మీద పెట్టి, ఎడమ పైనుంచి ఒక పసుపు బల్బు వేసి మళ్లీ ఫొటో తీయండి, కెమెరా ఎత్తు కూడా బొమ్మలో ఉన్నట్టే పెట్టండి. అతికించాక బాక్స్ అడుగు టేబుల్‌ను తాకేచోట సన్నటి ముదురు నీడ గీత వేయండి, అది లేకపోతే బాక్స్ గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది. లడ్డూలు, కాజాలు కూడా షాపువాళ్లవే ఫొటో తీసి పెట్టండి. ఏఐ గీసిన లడ్డూ చూపించి ఇంకో లడ్డూ అమ్మడం కొనేవాళ్లను మోసం చేయడమే అవుతుంది.

ఇక చేతులు. వేళ్లు ఎందుకు కలిసిపోతాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది. స్టేబుల్ డిఫ్యూజన్, దాని తర్వాత వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్ లాంటి మోడళ్లు పిక్సెల్ పిక్సెల్‌గా గీయవు. 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ముక్కను ఒక్క గడిగా కుదించి, ఆ గడుల్లోనే బొమ్మ తయారుచేసి, చివర్లో విప్పుతాయి. మీ బొమ్మ 1536 పిక్సెళ్ల వెడల్పు ఉండి, అందులో వేలు 20 పిక్సెళ్ల మందం ఉందనుకోండి, మోడల్ చేతిలో ఆ వేలికి ఉన్నది రెండున్నర గడులే. వేలికీ వేలికీ మధ్య సందుకు అర గడి కూడా దక్కదు. అదే బొమ్మ ఆరడుగుల ఫ్లెక్సీ మీదకు వెళితే అంగుళానికి వచ్చేది 21 పిక్సెళ్లు, అంటే ఫోన్‌లో వెంట్రుకంత కనబడిన వేలు అక్కడ అంగుళం మందాన నిలబడుతుంది. అందుకే చేయి బొమ్మలో ఎంత చిన్నదైతే అంత అనుమానంగా చూడండి. వెనక గుంపులో నిలబడ్డవాళ్ల చేతులు అసలు నమ్మకండి.

ఐదు వేళ్లున్నాయా అని లెక్కపెట్టి వదిలేయడం ఇప్పుడు చాలదు, కొత్త మోడళ్లు లెక్క తప్పడం బాగా తగ్గింది. వేలు పళ్లెం అంచు వెనక్కి వెళ్లి మళ్లీ బయటికి వచ్చేచోట అదే వేలు వస్తోందా, గాజులు మణికట్టు చుట్టూ పూర్తిగా తిరుగుతున్నాయా లేక సగంలో జాకెట్టు చేతిలో కలిసిపోతున్నాయా, ఉంగరం వేలిని చుట్టిందా లేక చర్మం మీద ముద్ర వేసినట్టుందా, ఇలాంటివి 200 శాతం జూమ్‌లో చూడండి. తర్వాత ఇంట్లో ఉన్న పళ్లెం ఒకటి తీసుకుని మీరే అలా పట్టుకుని చూడండి. మీ బొటనవేలు పళ్లెం పైన ఉంటుంది, మిగతా నాలుగూ కిందికి పోతాయి. బొమ్మలో ఐదూ పైనే ఉంటే పళ్లెం బరువును ఏదీ మోయడం లేదన్నమాట.

సరిచేసేటప్పుడు పాడైన వేళ్ల వరకే సెలెక్ట్ చేయకండి. మణికట్టు నుంచి పళ్లెం అంచు దాకా కలిపి సెలెక్ట్ చేసి, ఆ భాగాన్ని క్రాప్ చేసి, పెద్దది చేసి, అక్కడ మళ్లీ జనరేట్ చేయించి, చిన్నది చేసి వెనక్కి అతికించండి. పెద్దగా ఉన్నప్పుడు ఒక్కో వేలికి ఎక్కువ గడులు దక్కుతాయి కాబట్టి ఫలితం బాగా వస్తుంది. నాలుగైదు సార్లకు రాకపోతే ఇంట్లో ఎవరి చేతిదైనా, బొమ్మలోని వెలుగు దిశలోనే, ఫొటో తీసి వాడేయండి. రెజల్యూషన్ పెంచే అప్‌స్కేలింగ్ మాత్రం ఇదంతా అయ్యాకే. ముందే చేస్తే ఆ సాఫ్ట్‌వేర్ కలిసిపోయిన వేళ్లకు కూడా చక్కగా ముడతలు, గోళ్లు దిద్దిపెడుతుంది, అప్పుడు తప్పు ఇంకా గట్టిపడుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తప్పులు కొత్తగా కనబడటానికి `Image > Image Rotation > Flip Canvas Horizontal` కొట్టి బొమ్మను తిప్పి చూడటం మంచి అలవాటే, కానీ చూశాక మళ్లీ వెనక్కి తిప్పేయండి. లేఅవుట్‌కి బాగుందని అలాగే ఉంచేస్తే ఎడమ భుజం మీది పైట కుడి భుజం మీదకు వస్తుంది, హారతి ఎడమ చేత్తో ఇస్తున్నట్టవుతుంది. స్వీట్ షాపు ఓనర్‌గారు వేళ్లైనా గమనించకపోతారేమో గానీ దీన్ని గమనించకుండా ఉండరు.

అక్షరాల విషయంలో సరిచేసే ప్రయత్నమే వద్దు. ఏఐ వేసిన ప్రతి అక్షరాన్నీ చెరిపేసి మీరు టైప్ చేయండి. ఇంగ్లిష్ ఈ మధ్య బాగానే రాస్తున్నా, తెలుగులో వత్తులు, గుణింతాలు వచ్చేసరికి కన్నడమో తెలుగో తెలియని ఆకారాలు తయారవుతున్నాయి. బోర్డు ఒక్కటే కాదు, గోడ మీది క్యాలెండర్, ధర చీటీలు, త్రాసు మీది అంకెలు, చీర అంచు, బొమ్మ మూలలో సంతకంలాంటి గీత, అన్నీ వెతకండి. అన్నిటికంటే ముఖ్యం ఏఐ గీసిన ప్యాకెట్లు. నిజం ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలు ఉండేచోట, ఇందులో అర్థంపర్థం లేని గీతలుంటాయి, మీ క్లయింట్ పేరు పక్కన అలాంటివి ఉండకూడదు.

టైప్ చేసేటప్పుడు పాత ఫోటోషాప్ వెర్షన్లలో వత్తులు విడిపోయి పక్కకు వస్తుంటే `Preferences > Type`లో `World-Ready Layout` ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి తెరవండి. 'లక్ష్మీ స్వీట్స్' అని కొట్టి చూస్తే చాలు, 'క్ష్మీ' సరిగ్గా కలిసిందంటే దాదాపు అన్నీ కలుస్తాయి. ఓనర్‌గారు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ టెక్స్ట్‌ని అను ఫాంట్‌లో పేస్ట్ చేస్తే కుదరదు, రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్ వాడండి. ప్రెస్‌కి పంపే కాపీలో అక్షరాలను షేపులుగా మార్చేయండి, వాళ్ల దగ్గర ఆ ఫాంట్ ఉందో లేదో అన్న టెన్షన్ ఉండదు.

చివరగా, మళ్లీ ఆరడుగుల ప్రూఫ్ తీయించక్కర్లేదు. ఫైల్‌ను ఫ్లెక్సీ అసలు సైజుకు పెట్టి, అందులోంచి చేతులున్న ముక్క, ముఖం ఉన్న ముక్క, బాక్స్ టేబుల్‌ను తాకేచోటు, ఈ మూడింటినీ తగ్గించకుండా ఒక్కో ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి గోడకు అంటించండి, నాలుగైదు అడుగుల దూరం నుంచి చూడండి. బొమ్మ గురించి ఏమీ తెలియని మనిషిని ఒకరిని పిలిచి, ఏం వెతకాలో చెప్పకుండా చూపించండి. వాళ్ల చూపు ఎక్కడ ఆగితే అక్కడ ఇంకా పని మిగిలిందన్నమాట.