గాలి నిరోధం kv ఉన్నప్పుడు కింద పడే వస్తువు వేగం: ఇంటిగ్రేషన్‌లో నా తప్పెక్కడ?

ప్రశ్న: 2 కిలోల వస్తువును నిశ్చల స్థితి నుంచి వదిలాం. గాలి నిరోధం 0.5v న్యూటన్లు. dv/dt = 9.8 − 0.25v అని రాసి, చలరాశులను వేరుచేసి, ln(9.8 − 0.25v) = t + C తెచ్చాను. చివరికి v = 39.2(1 − e^t) వచ్చింది. ఒక సెకనుకే −67 వస్తోంది! ఇంకో సందేహం: సెకనుకు 50 మీటర్ల వేగంతో కిందికి విసిరితే లాగ్ లోపల మైనస్ వస్తుంది కదా, అప్పుడేం చేయాలి?

జవాబు: మీ సమీకరణం సరైనదే, 39.2 కూడా సరైనదే. తప్పంతా ఒక్క లాగ్ లైనులో ఉంది. ∫dv/(9.8 − 0.25v) చూడగానే 1/x లాంటిదే కదా అని నేరుగా ln రాసేశారు. లోపల v ముందు −0.25 ఉంది, దాని లెక్క బయట తేలాలి. u = 9.8 − 0.25v అనుకోండి. du = −0.25 dv, అంటే dv = −4 du. కాబట్టి ఎడమ పక్క రావలసింది −4 ln|u|. మీ దగ్గర ఆ 4 లేదు, మైనస్ కూడా లేదు. మైనస్ పోయినందుకు వేగం తలకిందులైంది, 4 పోయినందుకు కాలం లెక్క చెడింది.

ఈ తప్పును అంకెలు వేయకుండానే పట్టుకోవచ్చు. e^t లో ఘాతం సెకన్లలో ఉంది. ఘాతానికి ప్రమాణాలు ఉండకూడదు. m/k ని చూడండి: 2/0.5 = 4 సెకన్లు. t ని దానితో భాగిస్తేనే ప్రమాణాలు కొట్టుకుపోతాయి. ఘాతంలో t ఒంటరిగా కనిపించిందంటే వెనక్కి వెళ్లి ఇంటిగ్రేషన్ లైను చూసుకోవాలి.

C తో తంటాలు పడకుండా రెండు పక్కలా అవధులు పెట్టేయడం నాకు నచ్చే దారి. కాలం 0 నుంచి t వరకు నడిస్తే u తొలి విలువ 9.8 నుంచి ఇప్పటి u వరకు నడుస్తుంది:

```
−4 ln(u/9.8) = t
u = 9.8 e^(−t/4)
9.8 − 0.25v = 9.8 e^(−t/4)
v = 39.2 (1 − e^(−t/4))
```

ఇక సరిచూద్దాం. t = 0 దగ్గర v సున్నా. ఆ క్షణంలో త్వరణం 39.2/4 = 9.8, ఇంకా వేగమే లేదు కాబట్టి నిరోధమూ లేదు, అలాగే ఉండాలి. 1 సెకనుకు 8.67 వస్తుంది, గాలి లేకపోతే 9.8 వచ్చేది. 4 సెకన్లకు 24.8, అంటే చరమ వేగంలో దాదాపు 63 శాతం. 12 సెకన్లకు 37.2. 39.2 కి దగ్గరవుతూనే ఉంటుంది గానీ సూత్రం ప్రకారం ఎప్పటికీ దాన్ని తాకదు.

ఇప్పుడు 50 తో విసిరిన సందర్భం. తొలి u = 9.8 − 12.5 = −2.7. |u| అని రాయడం ఇందుకే. అవధులు పెట్టినప్పుడు లాగ్ లోపల ఉండేది u/(−2.7), పైనా కిందా రెండూ రుణాత్మకాలే కాబట్టి నిష్పత్తి ధనాత్మకం, ఇబ్బందే లేదు. u = −2.7e^(−t/4), దాన్నుంచి v = 39.2 + 10.8e^(−t/4). 50 దగ్గర మొదలై, 4 సెకన్లకు 43.2 కి తగ్గి, పైనుంచి 39.2 వైపు దిగుతుంది. సరిగ్గా 39.2 తోనే విసిరితే? అప్పుడు u సున్నా, దానితో భాగించడమే కుదరదు. ఆ ఒక్కదాన్ని విడిగా చూడాలి: dv/dt = 0, వేగం మారదు.

పై దిశను ధనాత్మకంగా తీసుకునేవాళ్లు ఇంకో చోట జారిపడతారు. "నిరోధం పైకి కదా" అని m dv/dt = −mg + kv రాసేస్తారు. కింద పడుతున్నప్పుడు v యే రుణాత్మకం, కాబట్టి −kv దానంతటదే పైకి చూస్తుంది. రాయాల్సింది −mg − kv. +kv రాస్తే నిరోధం వస్తువును ఇంకా కిందికి తోస్తున్నట్టు అవుతుంది. జవాబులో e^(+t/4) వచ్చి వేగం హద్దు లేకుండా పెరుగుతుంది. పైకి విసిరినా ఇదే −mg − kv పనిచేస్తుంది, వస్తువు తిరిగి కిందికి మళ్లినా సమీకరణం మార్చక్కర్లేదు. నిరోధం v² కి అనులోమానుపాతంలో ఉంటే ఈ వెసులుబాటు ఉండదు, పైకి వెళ్లేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి రాయాలి.

అన్నట్టు, 2 కిలోల వస్తువుకు 0.5v అనేది లెక్క కోసం పెట్టుకున్నదే. రాయి, బంతి లాంటివి గాలిలో పడుతుంటే నిరోధం దాదాపు v² ని బట్టి ఉంటుంది. kv నిజంగా వర్తించేది పొగమంచు తుంపర లాంటి వాటికి. 10 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న నీటి తుంపరకు స్టోక్స్ సూత్రం ప్రకారం చరమ వేగం సెకనుకు సుమారు 1.2 సెంటీమీటర్లు. మీ లెక్కలో 4 సెకన్లు ఉన్న చోట దానికి దాదాపు 1.2 మిల్లీసెకన్లే వస్తుంది. అందుకే అది వేగం పుంజుకోవడం కంటికి కనపడదు, మొదటినుంచీ ఒకే వేగంతో దిగుతున్నట్టే ఉంటుంది.