తప్పని ప్రమాదంలో బ్రేకు ఎంత నొక్కాలి? ఆ అంకె ఎవరు రాయాలి?

ప్రశ్న: ఈ మధ్యనే కొత్త కారు కొన్నాను. ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే తనంతట తానే బ్రేకు వేస్తుంది. రేపు డ్రైవరే లేని కార్లు వస్తే, ప్రమాదం ఎలాగూ తప్పదనుకున్నప్పుడు రోడ్డు మీది పిల్లవాడిని కాపాడాలా, పెద్దాయననా, లోపల కూర్చున్న మమ్మల్నా? ఇది ఎవరు నిర్ణయిస్తారు? డబ్బు పెట్టి కొనుక్కున్న నాకు ఆ హక్కు ఉండదా?
– ఒక పాఠకుడు, ఎండాడ, విశాఖపట్నం

జవాబు: ఉండకూడదనే నా అభిప్రాయం. కంపెనీ ఇంజినీరు ఒక్కరికే వదిలేయడం కూడా తప్పే. ఎందుకో చెప్పాలంటే, కారులోని కంప్యూటర్ ఆ క్షణంలో దేన్ని లెక్కగడుతుందో ముందు తెలియాలి.

పిల్లవాడా, పెద్దాయనా అన్న పోలిక దాని లెక్కలో సాధారణంగా ఉండదు. కెమెరా, రాడార్, లేజర్ సెన్సర్ కలిసి చెప్పేది "ఎదురుగా మనిషి కావచ్చు, ఇంత దూరంలో, ఇంత వేగంతో కదులుతున్నట్టుంది" అన్నంతవరకే. అదీ ఖాయంగా కాదు, ఇంత శాతం నమ్మకంతో. పక్కకు తిప్పి తప్పించడం కూడా అంత సులువు కాదు. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు ఒక్కటే. అందులో కొంత మలుపుకు ఖర్చు చేస్తే బ్రేకుకు ఆ మేరకు తగ్గిపోతుంది. పైగా పక్క వరుసలో వస్తున్నవారు ఈ గొడవతో సంబంధం లేనివారు. అందుకే చాలా సందర్భాల్లో మిగిలేవి రెండే ప్రశ్నలు: బ్రేకు ఎప్పుడు వేయాలి, ఎంత గట్టిగా వేయాలి?

మీరు అడిగిన ప్రాధాన్యం దాక్కున్నది ఇక్కడే. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ నగరంలో, ఊబర్ పరీక్షిస్తున్న కారు రాత్రివేళ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయారు. అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసి 2019లో నివేదిక ఇచ్చింది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పసిగట్టాయి. కానీ ప్రోగ్రాం ఆమెను ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి ఇంకేదో వస్తువు అనుకుంది, మరోసారి సైకిలు అనుకుంది. పేరు మార్చిన ప్రతిసారీ అంతకుముందు ఆమె ఎలా కదిలిందన్న లెక్కను పక్కన పడేసింది. జీబ్రా గీతలు లేని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఊహే అందులో రాయలేదు. ముప్పును చివరకు గుర్తించేసరికి 1.2 సెకన్లు మిగిలాయి. అందులోనూ ఒక సెకను ఏమీ చేయకుండా ఆగింది. ఉత్తుత్తి ముప్పులకు బ్రేకు పడకూడదని ఇంజినీర్లు పెట్టిన విరామం అది.

అంతకంటే నన్ను కలచివేసిన అంశం ఇంకొకటి ఉంది. తనకు అనుమతించిన బ్రేకు అంతా వేసినా ఢీకొనడం తప్పదని తేలితే, ఆ బలాన్ని వాడకూడదని ప్రోగ్రాంలో రాసి ఉంది. లోపలున్న మనిషికి హెచ్చరిక మోగించి, మెల్లగా వేగం తగ్గించడమే దాని పని. అంటే మీరు భవిష్యత్తు గురించి అడిగిన ప్రశ్నకు అప్పటికే ఎవరో జవాబు రాసేశారు. రోడ్డు మీద నడిచేవారెవరినీ అడగలేదు, చెప్పనూ లేదు.

బ్రేకు పూర్తిగా వేయొద్దన్న ఆ నియమం ఖరీదు ఎంతో మన ఊరి రోడ్డు మీద లెక్క వేసి చూద్దాం. పెద్ద జాలరిపేట దగ్గర బీచ్ రోడ్డు మీద కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. చేపల పెట్టె కట్టిన సైకిలును తోసుకుంటూ ఒకాయన 15 మీటర్ల దూరంలో అడ్డం వచ్చారు. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారుకు, ఆలస్యం లేకుండా వేసినా, ఆగడానికి దాదాపు 20 మీటర్లు కావాలి. కాబట్టి ఢీ తప్పదు. అయినా బ్రేకు పూర్తిగా వేస్తే తగిలే వేళకు వేగం 30కి పడిపోతుంది. మెల్లగా తగ్గిస్తూ పోతే 53 దగ్గరే ఉంటుంది. మొదటిదానిలో ఆయన బతికే అవకాశం చాలా ఎక్కువ. రెండోదానిలో ప్రాణాపాయం కొన్ని రెట్లు ఎక్కువ.

ఇంజినీరు వైపు నుంచి కూడా ఆలోచించాలి. గాలికి ఎగిరిన పాలిథిన్ సంచిని చూసి కారు హఠాత్తుగా ఆగితే, వెనక ఆనుకుని వస్తున్న బైకు మీదివారు వచ్చి గుద్దుకుంటారు. మన రోడ్ల మీద ఈ భయం నిజమైనదే. ఎంత నమ్మకం కుదిరితే బ్రేకు వేయాలన్న అంకెను పెంచితే ప్రమాదం నడిచేవారి మీదికి జరుగుతుంది. తగ్గిస్తే లోపలివారి మీదికీ వెనకవారి మీదికీ జరుగుతుంది. ఎవరి మీదికి ఎంత జరగాలన్నది సాంకేతిక విషయం మాత్రమే కాదు. ఆ రోడ్డు అందరిదీ.

ఇక కొన్నవారి హక్కు సంగతి. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, ఎక్కువమందిని కాపాడే కారే న్యాయమని జనం ఒప్పుకున్నారు. తాము కొనేది మాత్రం లోపలివారిని కాపాడేదై ఉండాలన్నారు. అది మనిషి సహజం, నేను తప్పు పట్టను. కానీ ఆ మీట కొనేవారి చేతికిస్తే ప్రతి కారూ ఒకే వైపు తిరుగుతుంది. సైకిలు తోసుకొచ్చే ఆయనకు ఆ షోరూంలో చోటే లేదు. పోనీ జనాభిప్రాయం తీసుకుందామా? అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఇంటర్నెట్‌లో అలాగే అడిగి, దాదాపు 4 కోట్ల జవాబులు సేకరించి 2018లో ప్రచురించారు. పిల్లలకు ఎంత ప్రాధాన్యమివ్వాలన్న దానిలోనే దేశాల మధ్య తేడా కనిపించింది. జవాబిచ్చినవారు కూడా ఇష్టపడి వచ్చి మీటలు నొక్కినవారే.

నాకు సరైనదనిపించిన దారి జర్మనీది. అక్కడి ప్రభుత్వం వేసిన నైతిక సంఘం 2017లో 20 నియమాలు ఇచ్చింది. వయసు, స్త్రీపురుష భేదం, ఆరోగ్యం వంటివి చూసి మనుషుల మధ్య ఎంపిక చేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆస్తి కంటే, జంతువు కంటే మనిషి ప్రాణం ముందు. 2021లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టంలోకి ఈ ఆలోచన వచ్చింది. బ్రిటన్ 2024లో చేసిన చట్టం మరో మెట్టు ఎక్కింది. కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు ఎలా నడిచిందన్న బాధ్యతను అనుమతి పొందిన సంస్థ మీద పెట్టింది. టెంపీలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కంపెనీ మీద నేరం మోపడానికి ఆధారం లేదని ప్రాసిక్యూటర్ తేల్చారు. కారు లోపల ఫోను చూస్తూ కూర్చున్న పర్యవేక్షకురాలికి శిక్ష పడింది. ఆమె తప్పు లేదనను. కానీ ఆ ఒక్క సెకను విరామం రాసినవారిని ఏ కోర్టూ ప్రశ్నించలేదు.

డ్రైవర్ లేని కార్లను మన దేశంలోకి రానివ్వమని కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ ఉద్యోగాల కోణంలో చెప్పారు. అయితే తానే బ్రేకు వేసే కార్లు ఇప్పటికే మన ఇళ్ల ముందున్నాయి. వాటిలోనూ ఆ అంకెలున్నాయి. నేను కోరేది ఇది: ఎంత నమ్మకంతో, ఎంత బలంతో బ్రేకు పడుతుందో కంపెనీ ప్రభుత్వ పరీక్షా సంస్థ ముందు పెట్టాలి, బయటికీ ప్రకటించాలి. అప్‌డేట్‌లో ఆ అంకె మారితే మళ్లీ పరీక్ష జరగాలి. ప్రమాదం తర్వాత కారులోని రికార్డు కంపెనీకి ఒక్కదానికే దక్కకూడదు.

మీ కారు విషయానికొస్తే, బాధ్యత పూర్తిగా మీదే. సెట్టింగుల్లో ఢీకొనే ముప్పు గురించి హెచ్చరిక ఎంత ముందుగా మోగాలో ఎంచుకునే వీలు చాలా కార్లలో ఉంటుంది. మోత విసుగనిపించి చాలామంది దాన్ని ఆలస్యానికి మారుస్తారు. మీరు ముందుగా మోగేలా పెట్టుకోండి. ఎంత వేగం వరకు, ఎలాంటి వెలుతురులో పాదచారుల్ని గుర్తిస్తుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, చదవండి. అద్దం మీద కెమెరా ఉన్న చోట సముద్రపు గాలికి ఉప్పు పొర పేరుకుంటుంది. దాన్ని రెండు రోజులకొకసారైనా తడిగుడ్డతో తుడవండి.