మేనల్లుడికి: నీ బండి పాలసీలో ఎవరున్నారు, ఎవరు లేరు

అల్లుడూ,

మిర్యాలగూడ రోడ్డు మీద జరిగింది మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రోడ్డు దాటుతున్న మేస్త్రీకి నీ బండి తగిలి కాలు విరిగింది, నీ వెనుక కూర్చున్న స్నేహితుడికి భుజం విరిగింది. నీ దగ్గర ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఇద్దరి సంగతీ కంపెనీయే చూసుకుంటుందని నువ్వనుకుంటున్నావట. నల్లగొండలో ముప్పై ఏళ్లు పాలసీలు రాసినవాణ్ణి, ఆ మాట విని నిద్ర పట్టలేదు.

నువ్వు పంపిన పాలసీ ఫొటో పెద్దది చేసి చూశాను. పైన "లయబిలిటీ ఓన్లీ" అని ఉంది. ప్రీమియం గడిలో బేసిక్ థర్డ్ పార్టీ 714 రూపాయలు, పన్నుతో 843. అంటే చట్టం తప్పనిసరి చేసిన బీమా మాత్రమే తీసుకున్నావు. బండి రిపేరుకు ఇందులో పైసా రాదు. అది చిన్న విషయం, వదిలెయ్.

మేస్త్రీ థర్డ్ పార్టీ. పాలసీ నీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం, దానికి బయటివాడు అతను. గాయానికైనా ప్రాణానికైనా అతనికి కంపెనీ కట్టాల్సిన సొమ్ముకు పాలసీలో పరిమితి లేదు. ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంత. ఎలా తేలుస్తారో ఒక లెక్క వేసి చూపిస్తా. అతనికి 38 ఏళ్లు, నెలకు 15,000 సంపాదన అనుకో. స్వయంగా పని చేసుకునేవాడు, నలభై లోపువాడు కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000. మెడికల్ బోర్డు చూశాక, అతని పని మీద పడే నష్టం 20 శాతమని ట్రిబ్యునల్ నమ్మితే నెలకు 4,200 పోయినట్టు, ఏడాదికి 50,400. ఆ వయసుకు గుణకం 15, ఏడాది నష్టాన్ని దానితో హెచ్చిస్తే మొత్తం 7,56,000. ఆసుపత్రి బిల్లులు, పని లేని నెలల కూలి, నొప్పికి ఇచ్చేది వేరే. డాక్టరు కాలికి రాసే శాతం ఒకటి, పరంజా ఎక్కి గోడ కట్టేవాడికి ఆ కాలితో పోయే పని ఇంకొకటి. లెక్క తిరిగేది ఈ రెండోదాని మీదే.

అందుకే స్టేషన్ బయట ఇరవై వేలిచ్చి రాజీ చేసుకోమని ఎవరన్నా చెబితే వినకు. అది అతనికి అన్యాయం. కంపెనీకి తెలియకుండా నువ్వు ఒప్పుకున్న మాట రేపు నీ మెడకే చుట్టుకోవచ్చు. ఎఫ్ఐఆర్ కానివ్వు. నడిపింది నువ్వే అని ఉన్నదున్నట్టు చెప్పు, ఇంకొకరి పేరు పెట్టించకు. ఈ రోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజెయ్, అందినట్టు కాగితం దాచుకో. ట్రిబ్యునల్ నోటీసు నీకూ వస్తుంది, దాన్ని పక్కన పడెయ్యకు. నీ లైసెన్సు ఆ రోజుకు చెల్లుబాటులో ఉంది కాబట్టి నాకు కొంత ధైర్యం. లేకపోతే కంపెనీ ముందు అతనికి కట్టి, తర్వాత అదంతా నీ దగ్గర వసూలు చేసుకునేలా ఆర్డరు వచ్చేది. మేస్త్రీ ఇంటివాళ్లకు ఒక్క మాట చెప్పు: 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం క్లెయిమ్ పిటిషన్ ఆరు నెలల్లోపు వెయ్యాలి.

ఇక నీ స్నేహితుడు. ఇక్కడే నువ్వు పొరబడ్డావు. రోడ్డు మీద వెళ్లేవాడికి ఉన్న రక్షణ బండి వెనుక కూర్చున్నవాడికి ఈ పాలసీలో లేదు. నీలాగా చట్టం అడిగినంత మాత్రమే ఉండే యాక్ట్ పాలసీ ఉన్న టూ వీలర్ మీద వెనుక కూర్చున్నవాడికి కంపెనీ బాధ్యత లేదని 2006లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ప్యాకేజీ పాలసీ, జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది, ఉంటే అతనికీ వర్తించేది. నీ బండిని ఇంకో వాహనం గుద్ది, తప్పు దానిదై ఉంటే దాని పాలసీకి అతను థర్డ్ పార్టీ అయ్యేవాడు, అక్కడ అడిగేవాడు. ఇక్కడ ఇంకో బండి లేదు. అతను కేసు వేస్తే పరిహారం కట్టాల్సింది నువ్వే. కేసుదాకా ఎందుకు, నీ వెనుక కూర్చున్నందుకే ఆ పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆపరేషన్ ఖర్చు మనం పెడదాం, నేనూ సాయం చేస్తా. అతని పేరు మీద వేరే మెడికల్ పాలసీ ఏమన్నా ఉందేమో అడుగు.

రాసేటప్పుడే ఇంకొకటి గుర్తొచ్చింది. పత్తి తీతకు మీ నాన్న ట్రాక్టర్ ట్రాలీలో కూలీలను ఎక్కిస్తున్నాడు. ట్రాలీ మనుషుల్ని ఎక్కించుకునే బండి కాదు. అది తిరగబడితే ఆ ఆడవాళ్ల విషయంలో కంపెనీ తనకు సంబంధం లేదంటుంది, సాధారణంగా కోర్టూ ఆ భారం ఓనరు మీదే పెడుతుంది. పర్మిట్ ఉన్న ఆటో మాట్లాడమను, అదీ ఎంతమందికి పర్మిట్ ఉందో అంతమందికే.

నీ పాలసీ వచ్చే నెలలో అయిపోతోంది. ఈసారి కట్టేది నా ముందు కట్టు. ఆదివారం పొద్దున వస్తున్నా, ముందు ఆసుపత్రికి వెళ్దాం.

మీ మామయ్య