అప్రైజల్ ఫారం కన్నా ముందు డ్యూటీ చార్టు చదవండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. తిరుపతిలో ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీస్ ఇన్‌చార్జిగా పనిచేస్తూ దూరవిద్యలో ఎంబీఏ చదువుతున్నాను. మొదటిసారి అప్రైజల్ రాయాలి. మా రిసెప్షన్‌లో అందరికన్నా బాగా పనిచేసే ఆయన వయసులో నాకన్నా పెద్ద. కొత్తవాళ్లకు ఓపికగా పని నేర్పే మనిషి రెండు నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. నైట్ ఆడిట్‌లో తప్పులు వస్తున్నాయి. ఒక యాత్రికుడి మీద విసుక్కున్నారు కూడా. మా యజమాని మాత్రం అయిదుకు అయిదు వేసి, ఫంక్షన్ హాలు బుకింగులు కూడా ఆయనకే అప్పగించమంటున్నారు. నా ముసాయిదా, మూడు నెలల డ్యూటీ చార్టు పంపుతున్నాను. మెచ్చుకుంటూనే ఆయన అలసట సంగతి ఎలా రాయాలి?

జవాబు: ముందు డ్యూటీ చార్టే చదివాను. జనవరి నుంచి మార్చి దాకా 13 వారాల్లో ఆయనకు దక్కిన వారపు సెలవులు 7. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చి, రాత్రి మనిషి రాలేదని తెల్లవారేదాకా ఉండిపోయిన రోజులు 16. మీరు విడిగా రాసి పంపిన ఆరు తప్పుల తేదీలను ఈ చార్టు పక్కన పెట్టి చూడండి. అయిదు ఆ 16 రాత్రుల్లోనే, అదీ తెల్లవారుజామున మూడు దాటాకే జరిగాయి. వేరే ఊళ్లలో ఆ వేళకు రిసెప్షన్ నిద్రపోతుంది. తిరుపతిలో అప్పుడే ఒక గుంపు కొండకు బయలుదేరుతుంది, ఇంకో గుంపు చెన్నై బస్సు దిగి గది అడుగుతుంది. ఆ సందడిలోనే ఆయన రోజు లెక్కలు ముగించాలి. ఆరో తప్పు పగటి పూట జరిగింది. దానికి పెద్ద కారణం వెతకకండి, ఎవరికైనా జరిగేదే.

దీన్నిబట్టి ఆయనకు బర్నవుట్ వచ్చిందని మీరు గానీ నేను గానీ చెప్పలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుగా కాకుండా, పని వల్ల కలిగే స్థితిగా వివరించింది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, చేయగలనన్న నమ్మకం సడలడం దాని మూడు లక్షణాలు. ఆయన మౌనం వెనుక పనే ఉందో, ఇంట్లో కష్టమో, ఆరోగ్య సమస్యో మనకు తెలియదు. పనిభారం సంగతి అలా కాదు, చార్టులో లెక్కతో సహా ఉంది. కాబట్టి ఫారంలో పనిభారం రాయండి, ఆయన మనసు గురించి ఊహలు రాయవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక పై అధికారి, నా మీద జాలితోనే, అప్రైజల్లో ‘ఒత్తిడికి కాస్త లోనవుతున్నారు’ అని రాశారు. రెండేళ్ల తరువాత ప్రమోషన్ అడగడానికి వెళితే ఆ ఒక్క వాక్యమే చదివి వినిపించారు. రాసినాయన అప్పటికి అక్కడ లేరు. జాలి ఆయనతోనే వెళ్లిపోయింది, వాక్యం మాత్రం ఫైల్లో ఉండిపోయింది.

ఇప్పుడు మీ ముసాయిదా. ‘ఏ పని చెప్పినా కాదనరు, సెలవు కూడా అడగరు’ అని మొదలుపెట్టారు. మెచ్చుకోలుగానే రాశారు కానీ, ఆయన్ను అలసటపాలు చేసింది సరిగ్గా ఆ గుణమే. దాన్ని పొగిడితే వచ్చే ఏడాది కూడా అలాగే ఉండమని చెప్పినట్టవుతుంది. ఆ కాగితం చూసే యజమాని ఫంక్షన్ హాలు అప్పగించడంలో తప్పేముంది? ఓర్పును వదిలేసి నేర్పును మెచ్చుకోండి. ఆయన ఏం సాధించారో మీ ముసాయిదాలోనే ఉంది. ఇలా రాయవచ్చు:

‘ఈ ఏడాది ముగ్గురు కొత్త ఉద్యోగులకు బుకింగు, బిల్లింగు పని నేర్పారు. ఇప్పుడు ఆ ముగ్గురూ సొంతంగా డ్యూటీ చేస్తున్నారు. విదేశీ అతిథుల వివరాలు 24 గంటల గడువు దాటకుండా అధికారులకు పంపారు. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఒకే గది ఇద్దరికి కేటాయించిన ఫిర్యాదు ఒక్కటీ రాలేదు.’

తప్పులను దాచకండి. దాచితే ఆడిట్ చేసేవాళ్లు ఎలాగూ పట్టుకుంటారు, మీ మెచ్చుకోలు విలువ కూడా పోతుంది. ‘మెరుగుపడవలసినవి’ అన్న గడిలో మీరు ‘ఒత్తిడిని అదుపు చేసుకోవాలి’ అని రాశారు. అది కొట్టేసి, ఇలా మార్చండి:

‘చివరి మూడు నెలల్లో రిసెప్షన్ లెక్కల్లో ఆరు సవరణలు అవసరమయ్యాయి. వాటిలో అయిదు వరుసగా రెండు షిఫ్టులు చేసిన రాత్రుల్లో వచ్చాయి. ఈ వ్యవధిలో అలాంటి డ్యూటీలు 16. రాత్రి షిఫ్టుకు ప్రత్యామ్నాయ ఉద్యోగి లేకపోవడం ఇందుకు ముఖ్య కారణం. ఏప్రిల్ 30 లోపు ఇద్దరికి నైట్ ఆడిట్ నేర్పించే బాధ్యత ఫ్రంట్ ఆఫీస్ ఇన్‌చార్జిది.’

ఆ చివరి వాక్యంలో ఉన్నది మీరు. అది లేకపోతే పై నాలుగు వాక్యాలూ ఆయన మీద నేరంగానే మిగులుతాయి. ఇక యాత్రికుడి మీద విసుక్కున్న సంగతి. ఒక్కసారి జరిగిన దాన్ని ఫారంలోకి ఎక్కించవద్దు, మాటల్లో చెబితే చాలు. అయిదుకు అయిదు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. మార్కులు ఏడాది మొత్తం పనికి కదా. అయితే ఆ మార్కులనే సాకుగా చూపి కొత్త బాధ్యత ఇవ్వకుండా, ‘ప్రత్యామ్నాయం కుదిరేవరకు అదనపు విధులు సిఫారసు చేయడం లేదు’ అని ఒక్క వాక్యం చేర్చండి. యజమానితో మాట్లాడేటప్పుడు ఆయన అలసట గురించి చెబితే వింటారో లేదో కానీ, ఆరు సవరణల లెక్క, ఆయన మానేస్తే రాత్రి మనిషి రాని రోజున నైట్ ఆడిట్ చేసేవాళ్లు ఎవరూ లేరన్న సంగతి తప్పక వింటారు.

ఇదంతా ఫారం పైకి పంపేముందు ఆ ఉద్యోగితో మాట్లాడాకే చేయండి. రిసెప్షన్ పక్కన నిలబడి కాదు, డ్యూటీ లేని వేళ, బయట టీ తాగుతూ. ‘ఎందుకిలా ఉంటున్నారు?’ అని అడిగితే ‘బాగానే ఉన్నానమ్మా’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. చార్టు ముందు పెట్టి, ‘అన్నా, ఈ మూడు నెలల్లో మీకు ఆరు సెలవులు పోయాయి. అది నేను చూసుకోవలసింది, చూసుకోలేదు. ఇందులో ముందు ఏది తగ్గించమంటారు?’ అని అడగండి.

‘ఏదీ తగ్గించవద్దు’ అనవచ్చు. చాలామంది ఇన్‌చార్జిలకు తట్టని విషయం ఇక్కడే ఉంది. ఆ 16 డ్యూటీలకు అదనపు డబ్బు వస్తోంది. అది పిల్లల ఫీజుకో, ఇంటి కంతుకో ముడిపడి ఉండవచ్చు. మీరు దయతో డ్యూటీలు తీసేస్తే ఆయనకు అది జీతం కోతే. అందుకే డ్యూటీలు తగ్గించే ప్రతిపాదన, మూల వేతనం పెంచే సిఫారసు ఒకే కాగితంలో వెళ్లాలి. ఎంత పెంచాలో తెలియాలంటే ఆ అదనపు డబ్బు నెలకు ఎంత వచ్చిందో ముందే లెక్క వేసుకోండి.

యజమాని కొత్త మనిషిని ఇవ్వకపోయినా చార్టు వేసేది మీరే. రాత్రి డ్యూటీ చేసినవారికి మరుసటి ఉదయం డ్యూటీ వేయకండి. వారపు సెలవు నాడు ఫోను చేసి పిలిపించే పని మానండి. పిలవక తప్పకపోతే బదులు సెలవు తేదీ ఆ రోజే రాసి పెట్టండి. మాటల మధ్య ఆయన నిద్ర పట్టడం లేదనో, దేని మీదా ఆశ లేదనో అంటే అది మీరు చార్టుతో సరిచేయగలిగేది కాదు. 14416కు ఫోను చేస్తే, మానసిక ఆరోగ్యానికి సాయపడే ప్రభుత్వ సేవ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు. ఆ నంబరు ఆయనకు ఇవ్వండి. ఆ మాట మాత్రం మీ ఇద్దరి మధ్యే ఉండాలి, ఫారంలోకి రాకూడదు.

వేసవి రద్దీ మొదలయ్యాక, మే రెండో వారంలో, ఇదే లెక్క మళ్లీ వేయండి. ఏప్రిల్ మొదలు నుంచి గడిచిన ఆరు వారాల్లో ఎన్ని సెలవులు దక్కాయి, ఎన్ని రాత్రులు రెండు షిఫ్టులు చేశారు, ఎన్ని సవరణలు వచ్చాయి అని మాత్రమే చూడండి. డ్యూటీలు తగ్గినా తప్పులు తగ్గకపోతే మనం అనుకున్న కారణం పొరపాటన్నమాట. అప్పుడు ఆ కొత్త చార్టు నాకు పంపండి.