ఫార్వర్డ్ అయిన మెసేజీలో "నేను" ఎవరు?

తమ్ముడికి,

నువ్వు పంపిన పూర్వ విద్యార్థుల సమ్మేళనం ప్రకటన రెండుసార్లు చదివాను. "నువ్వు కథలు రాస్తావు కదా, ఇదీ నువ్వే రాయి" అని మీ బ్యాచ్ వాళ్లు నీకు అప్పగించారన్నావు. అందుకే కాబోలు, కథ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టావు. బడి గంట, చివరి బెంచీ, చెట్టు నీడ అంటూ ఆరు వాక్యాలు గడిచాక గానీ తేదీ రాలేదు. డబ్బు సంగతి అడుగున ఎక్కడో మొహమాటంగా ఉంది. ఆ ఆరు వాక్యాలు నిజంగా బాగున్నాయి. దాచిపెట్టి, అందరూ కలిసిన రోజు చదివి వినిపించు.

ఈ ప్రకటన ఎవరి కోసమో ముందు తేల్చుకో. మీ గ్రూపులో ఉన్నవాళ్లు తేదీ గురించి పది రోజులు చర్చించుకున్నారు, వాళ్లకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. గ్రూపులో లేనివాడి కోసం రాయాలి. వాడి బావమరిదికో, పక్కింటివాళ్లకో చేరి, అక్కడినుంచి వాడి ఫోన్లోకి వస్తుంది. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన మెసేజీలో మొదట రాసింది ఎవరో కనబడదు. నీ ప్రకటనలో "వివరాలకు నాకు ఫోన్ చేయండి" అని ఉంది. మూడో చేతికి వెళ్లేసరికి ఆ "నాకు" ఎవరు? చదివేవాడు, పంపిన బావమరిదికే ఫోన్ చేస్తాడు. ఆయనకేమీ తెలియదు. అందుకని "నేను", "మన గ్రూపు", "పైన చెప్పినట్టు" లాంటి మాటలన్నీ తీసెయ్. స్కూలు పూర్తి పేరు, ఊరు, ఏ సంవత్సరంలో బయటికొచ్చిన బ్యాచ్, సంప్రదించాల్సిన ఇద్దరి పేర్లు, నంబర్లు, ఇవన్నీ ఆ మెసేజీలోనే ఉండాలి. నంబర్లు వాళ్లు ఒప్పుకున్నాకే వెయ్యి. పోస్టర్ బొమ్మగా మాత్రమే పంపొద్దు. అందులోంచి నంబరు కాపీ చేసుకోవడం చాలామందికి కష్టం.

తేదీని నువ్వు "6/12" అని రాశావు. మీలో విదేశాల్లో ఉన్నవాళ్లు కొందరున్నారన్నావు. నెలను ముందు రాసే అలవాటున్న అమెరికా లాంటి చోట అది జూన్ 12 అవుతుంది. "2026 డిసెంబర్ 6, ఆదివారం, ఉదయం 10 గంటలకు" అని రాయి. వారం పేరు అలంకారానికి కాదు. తేదీ టైపు చేయడంలో పొరపాటు జరిగితే వారం దాన్ని పట్టిస్తుంది, "6న ఆదివారమేనా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "వచ్చే నెల మొదటి ఆదివారం" అని మాత్రం ఎప్పుడూ రాయకు. నెలరోజులు తిరిగి తిరిగి చేరిన మెసేజీలో "వచ్చే నెల" ఇంకో నెల అయిపోతుంది. ఇంకో సంగతి: నీ మెసేజీని తర్వాత ఎడిట్ చేసినా, అప్పటికే ఫార్వర్డ్ అయిన కాపీలు మారవు. తేదీ మారిందా, "సవరణ" అన్న మాటతో మొదలుపెట్టి, పాత తేదీ, కొత్త తేదీ రెండూ వేసి మళ్లీ పంపాలి. కాబట్టి హాలు ఖాయం కాకముందు ప్రకటన పంపొద్దు.

ఇక డబ్బు. "మీకు తోచినంత" అని రాశావు. అది మర్యాదగా అనిపిస్తుంది కానీ చదివేవాణ్ని ఇబ్బందిలో పెడుతుంది. తక్కువిస్తే ఏమనుకుంటారో, ఎక్కువిస్తే గొప్పలకు పోయాడంటారేమో అనుకుంటూ వాయిదా వేస్తాడు. ఒక అంకె చెప్పు. కమిటీ అనుకున్న అంకె ఎలా వచ్చిందో అడిగాను అన్నావు, మొత్తం ఖర్చును 40తో భాగించారట. అక్కడే చిక్కు. హాలు అద్దె, మైకు, ఫొటోలు ఎంతమంది వచ్చినా మారని ఖర్చులు. భోజనం మనిషిని బట్టి మారుతుంది. 40 మంది అనుకుని 30 మందే వస్తే, మారని ఖర్చులో ఒక్కొక్కరి వాటా మూడో వంతు పెరుగుతుంది. అప్పుడు వచ్చినవాళ్లనే మళ్లీ అడగాలి. రెండోసారి అడగడం చాలా చెడ్డగా ఉంటుంది. మారని ఖర్చును 30తోనే భాగించి, దానికి ఒకరి భోజనం ఖర్చు కలపమను. డబ్బు మిగిలితే ఏం చేస్తారో కూడా ప్రకటనలోనే ఒక వాక్యంలో చెప్పు. మా బ్యాచ్ ప్రకటనలో నేను ఆ వాక్యం రాయలేదు. మిగిలింది చిన్న మొత్తమే, కానీ స్కూలుకు ఇద్దామని కొందరు, పంచేద్దామని కొందరు పట్టుబట్టి, ఇద్దరు మంచి స్నేహితులు ఏడాదిపాటు మాట్లాడుకోలేదు.

గడువు నవంబర్ 8 అని పెట్టు. సమ్మేళనానికి సరిగ్గా నాలుగు వారాలు, భోజనాల లెక్క చెప్పడానికి కమిటీకి తీరుబడి ఉంటుంది. డబ్బు పంపేటప్పుడు తెరమీద ఖాతాదారు పేరు ఏమని కనబడుతుందో అదే రాయి. కోశాధికారి ఖాతా ఆయన భార్య పేరున ఉంటే, తెలియని పేరు చూసి సగంమంది ఆగిపోతారు, అలా ఆగడమూ సబబే. పంపినవాళ్లు తమ పేరు, సెక్షన్ రాయాలని చెప్పు. కుటుంబాన్ని తీసుకురావచ్చా, వస్తే వాళ్లకెంత అన్నదీ ఉండాలి. ఎవరెంత ఇచ్చారన్న జాబితా మాత్రం బయటపెట్టొద్దు. ఎంతమంది ఇచ్చారు, మొత్తం ఎంత వచ్చింది అని వారానికోసారి చెబితే చాలు. "ఇప్పుడు ఇవ్వలేని పరిస్థితి ఉంటే ఈ ఇద్దరిలో ఒకరికి ఒక మాట చెప్పండి, రావడం మాత్రం మానొద్దు" అన్న వాక్యం తప్పక పెట్టు. ఆ వాక్యం కోసమే వచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారని నా నమ్మకం.

చివర "అందరికీ షేర్ చేయండి" అన్నావు. అందరికీ అంటే ఎవరి పనీ కాదు. పైగా, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజీని వాట్సాప్ ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తుంది, "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అన్న గుర్తు చూసి చాలామంది చదవకుండా తోసేస్తారు. మీ క్లాసులో 62 మంది, గ్రూపులో 41 మంది అన్నావు. మిగతా 21 మంది పేర్లు రిజిస్టరులోంచి తీసి, గ్రూపులో ఉన్నవాళ్లకు ఒక్కొక్క పేరు అప్పగించు. "ఫలానా ఆమెకు నువ్వు బెంచ్‌మేట్‌వి, వాళ్ల అన్నయ్య ద్వారా కనుక్కో, 20వ తేదీలోగా నాకు చెప్పు" అని విడిగా అడుగు. దొరికినవాళ్లకు ఫార్వర్డ్ చేయకుండా, పైన తన సొంత మాట ఒకటి టైపు చేసి, కింద ప్రకటన అతికించమను. పెళ్లితో ఇంటిపేరు మారినవాళ్లు ఉంటారు, ముద్దుపేరుతోనే గుర్తున్నవాళ్లు ఉంటారు. జాబితాలో పాత పేరు, పిలిచే పేరు రెండూ వెయ్యి. నొచ్చుకునే ముద్దుపేర్లు వద్దు.

ఆ 21 పేర్లు బయటికి పంపేముందు ఒక్కొక్కటీ కనుక్కో. నేనొకసారి "ఆచూకీ తెలియనివారు" అని వేసిన జాబితాలో, అప్పటికి రెండేళ్ల కిందటే పోయిన మిత్రుడి పేరు ఉంది. అది తిరిగి తిరిగి వాళ్ల చెల్లెలికి చేరింది. ఆమె ఫోన్ చేసి, "అన్నయ్య లేడండీ" అని మాత్రం అంది. అప్పటినుంచి నేను రిజిస్టరు పట్టుకుని ఊళ్లో ఉన్న ఇద్దరు పాత మాస్టార్లను అడగకుండా ఏ జాబితా బయటికి వదల్లేదు.

నీ జాబితా ముందు నాకు పంపు, ప్రకటన తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య