మెడియా, ఒథెల్లో చూడబోయే చిన్నీకి

చిన్నీ,

మెడియాకీ ఒథెల్లోకీ టికెట్లు బుక్ చేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. స్టేజ్ మీద ట్రాజెడీ ఎప్పుడూ చూడలేదు, ఆ గుంపుగా నిలబడి పాడేవాళ్ళెవరో, ఒక్కడే నిలబడి తనలో తాను మాట్లాడుకోవడమేంటో అర్థం కాక మధ్యలో నిద్రొస్తుందేమో అని భయపడుతున్నావట. అందుకే కోరస్ గురించీ స్వగతం గురించీ మాత్రం రాస్తున్నా, మిగతావి అక్కడికెళ్తే నీకే తెలుస్తాయి. ఈ రెండు నాటకాలూ దగ్గర దగ్గరగా చూడటం భలే కుదిరిందిలే, రెండిట్లోనూ ఒక మనిషి పగతో ప్లాన్ వేస్తుంది, కాకపోతే ఆ ప్లాన్ ముందుగా ఎవరి చెవిన పడుతుందో అక్కడే వస్తుంది తేడా అంతా. నువ్వు ఆ ఒక్కటి పట్టుకుని చూడు చాలు.

ముందు మెడియా. క్రీస్తుపూర్వం 431లో ఏథెన్స్‌లో డయొనైసస్ దేవుడి పండగ నాటకాల పోటీలకి యూరిపిడీస్ రాసింది, ఆ ఏడు మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు పాపం, పోటీ పడిందే ముగ్గురు. కథ చదువుకునే వెళ్ళు, సస్పెన్స్ పోతుందని బెంగ పెట్టుకోకు, అప్పటి జనం కూడా ఆ పురాణాలు వింటూ పెరిగినవాళ్ళే. జేసన్ కోసం కన్నవాళ్ళనీ సొంత దేశాన్నీ వదిలేసి వచ్చింది మెడియా, ఇద్దరు పిల్లలు పుట్టాక వాడు ఈమెని పక్కన పెట్టి కోరింత్ రాజు కూతుర్ని చేసుకున్నాడు, అక్కడ మొదలవుతుంది నాటకం.

ఇందులో కోరస్ అంటే కోరింత్ ఊరి ఆడవాళ్ళు. ఆ రోజుల్లో 15 మంది, అందరూ మగవాళ్ళే, మాస్కులు పెట్టుకుని స్టేజ్ ముందున్న ఖాళీ జాగాలో (దాన్నే ఆర్కెస్ట్రా అనేవాళ్ళు) పాడుతూ అడుగులేసేవాళ్ళు, పాత్రలతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు వాళ్ళ లీడర్ ఒక్కడే మాట్లాడేవాడు. ఇప్పుడు చాలాచోట్ల ముగ్గురితోనో నలుగురితోనో లాగించేస్తారు. ఎంతమందైనా సరే ఒకటి గమనించు, వీళ్ళు ఒకసారి వచ్చాక ఇక నాటకం అయ్యేదాకా అక్కడే ఉంటారు. అంటే మెడియాకి స్టేజ్ మీద ఏకాంతం అన్నదే లేదు, ఏం మాట్లాడినా వీళ్ళ ముందే మాట్లాడాలి. మరి ఊరివాళ్ళ ముందే హత్యకి ప్లాన్ వేస్తుంటే వాళ్ళు ఊరుకుంటారా, వెళ్ళి రాజుకి చెప్పరా?

యూరిపిడీస్ దీన్ని ఎలా దాటాడో చూడు. మెడియా బయటికి రాగానే ఆ ఆడవాళ్ళతో తన కష్టం చెప్పుకుంటుంది, పెళ్ళిలో ఆడదాని బతుకెలా ఉంటుందో చెప్తుంది, నేను పరాయిదాన్ని నాకెవరూ లేరంటుంది, వాళ్ళ మనసు కరిగాక మెల్లగా ఒక్క మాట అడుగుతుంది: నా మొగుడి మీద పగ తీర్చుకునే దారి దొరికితే మీరు నోరు మెదపొద్దు అని. వాళ్ళు సరే అంటారు, నీ పగలో న్యాయం ఉంది అని కూడా అంటారు. అప్పటికి వాళ్ళు ఒప్పుకున్నది మొగుడి మీద పగకి మాత్రమే, అది గుర్తుపెట్టుకో. తర్వాత చాలాసేపటికి అసలు ప్లాన్ బయటపెడుతుంది, జేసన్‌ని దెబ్బ కొట్టడానికి తన పిల్లల్నే చంపుతానని. వద్దు వద్దని బతిమాలతారు కోరస్, కానీ మాట ఇచ్చేశారు కదా, ఎవరికీ చెప్పరు.

మధ్యలో ఒకచోట మెడియా పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని, వాళ్ళ నవ్వు చూసి, నా వల్ల కాదు అనుకుంటుంది, మళ్ళీ శత్రువులు నవ్విపోతారు అనుకుంటుంది, మళ్ళీ వెనక్కి, అలా తన మనసుని తనే బతిమాలుకుంటుంది. స్వగతంలాగే ఉంటుంది గానీ కోరస్ అక్కడే నిలబడి వింటూ ఉంటుంది, కాబట్టి ఆ టైమ్‌లో మెడియాతో పాటు వాళ్ళ మొహాలు కూడా చూడు. చివరికి ఆమె లోపలికెళ్ళాక పిల్లల కేకలు వినిపిస్తాయి, లోపలికి వెళ్దామా, కాపాడదామా అని కోరస్ అంటుంది, లోపలి నుంచి పిల్లలు రండి రండి అని అరుస్తారు కూడా, అయినా వీళ్ళు గడప దాటరు. గ్రీకు నాటకంలో కోరస్ తలుపు దాటి లోపలికి వెళ్ళడం చాలా అరుదు, హత్యలు లోపల జరగాలి, మనం బయట వినాలి, అదొక పద్ధతి. ఆ పద్ధతినే ఇక్కడ వీళ్ళ తప్పుగా మార్చేశాడు ఆయన. నాకు ఈ నాటకంలో అన్నిటికంటే భయం వేసే చోటు ఇదే.

పాటల దగ్గర ఒక మాట. సినిమా అలవాటుతో పాట రాగానే ఇదేదో గ్యాప్ అనుకుని ఫోన్ తీస్తారు జనం. తీయకు. పురాణాల పేర్లు బోలెడు వస్తాయి, అవన్నీ తెలియకపోయినా నష్టం లేదు, ఈ పాటకి వీళ్ళు మెడియా వైపున్నారా, భయపడుతున్నారా, అది పోయిన పాటకంటే మారిందా అన్నది చూసుకో. అందరూ ఒకేసారి అరిచి ఒక్క ముక్క అర్థం కాకపోతే అది నీ తప్పు కాదు, డైరెక్టర్ సరిగ్గా ప్రాక్టీస్ చేయించలేదని లెక్క.

ఇక ఒథెల్లో, 1600 దాటాక నాలుగేళ్ళలోపే షేక్‌స్పియర్ రాసింది. ఒథెల్లో వెనిస్ సేనాపతి, డెస్డిమోనా అతని పెళ్ళాం, ఇయాగో అతని కింద పనిచేసేవాడు, పగతో ప్లాన్ వేసేది వీడే. ఇందులో కోరస్ లేదు, స్టేజ్ ఖాళీ చేయొచ్చు. కాబట్టి స్వగతం వస్తోందని ముందే పసిగట్టాలంటే మాటలకంటే ముందు ఎవరెవరు బయటికి వెళ్తున్నారో చూడు. మొదటి అంకం చివర్లో అందరూ వెళ్ళిపోయి, ఆఖరున ఇయాగో మాటలు నమ్మి మోసపోతున్న రొడెరిగో కూడా వెళ్ళిపోయి ఇయాగో ఒక్కడే మిగులుతాడు. అప్పుడు చెప్తాడు, ఒథెల్లో అంటే నాకు అసహ్యం, నా పెళ్ళాంతో వాడికి సంబంధం ఉందని ఎవరో అనుకుంటున్నారు, నిజమో కాదో నాకు తెలీదు, అయినా నిజమే అన్నట్టు చేస్తాను అని. తర్వాత ఒథెల్లో కింది అధికారి కాసియోని ఎలా ఇరికించాలి అని అక్కడికక్కడే ఆలోచిస్తాడు, మన కళ్ళముందే ఐడియా పుడుతుంది, దొరికింది అంటాడు.

మెడియాలో కోరస్ మాట ఇచ్చి ఇరుక్కుంది కదా, ఇక్కడ ఇరుక్కునేది నువ్వే. ఇయాగో మాట్లాడేది నీతోనే, ఇకమీద ఒథెల్లో వాడిని నిజాయితీపరుడని పొగిడినప్పుడల్లా నిజం తెలిసింది హాల్లో కూర్చున్నవాళ్ళకే, లేచి చెప్పడానికి వీల్లేదు. మంచి నటుడు ఇక్కడ గాల్లోకి చూడడు, ముందు వరసల్లో ఎవరో ఒకరి కళ్ళలోకి చూసి చెప్తాడు, అప్పుడు హాల్లో నవ్వులు కూడా వస్తాయి, నీకూ నవ్వొస్తే సిగ్గుపడకు, వాడికి కావలసింది అదే.

అలాగని స్వగతంలో చెప్పిందంతా నిజమని నమ్మేయకు, కొత్తగా చూసేవాళ్ళు పొరబడేది ఇక్కడే. ప్లాన్ గురించి వాడు మనకి అబద్ధం చెప్పడు, చెప్పింది చేస్తాడు. కారణాల సంగతే వేరు. మొదట రొడెరిగోతో నాకు రావలసిన ఉద్యోగం కాసియోకిచ్చారు అంటాడు, ఒంటరిగా ఉన్నప్పుడు పెళ్ళాం మీద పుకారు అంటాడు, రెండో అంకంలో మళ్ళీ ఒంటరిగా దొరికినప్పుడు డెస్డిమోనా మీద నాకూ మోజుంది అంటాడు, కాసియో మీద కూడా అదే పెళ్ళాం అనుమానం తగిలిస్తాడు. ప్రతిసారీ ఏ కారణం చెప్తున్నాడో మనసులో రాసుకో, లెక్క కుదరదు. తనకి తనే కారణాలు వెతుక్కుంటున్నాడని నాకనిపిస్తుంది, వేరేవాళ్ళు వేరేలా చెప్తారు, నువ్వు చూసి నీకేమనిపించిందో చెప్పు.

ఒథెల్లోకి కూడా ఒక స్వగతం ఉంది, చివరి అంకంలో నిద్రపోతున్న డెస్డిమోనా పక్కన దీపం పట్టుకుని. అప్పటికి వాడి మాటల్లో ఇయాగో విషం ఎంత ఎక్కిందో వినబడుతుంది, ఎక్కువ చెప్పను.

ఆఖరి సీన్‌లో ఇయాగో పట్టుబడ్డాక ఎందుకు చేశావని అడుగుతారు. తెలిసిందేదో తెలిసింది, ఇకనుంచి ఒక్క మాట కూడా మాట్లాడను అంటాడు. అందరూ ఒథెల్లోనే చూస్తుంటారు అప్పుడు, నువ్వు మాత్రం ఒక్క నిమిషం ఇయాగో వైపు చూడు, అంతసేపూ నీతో కబుర్లు చెప్పినవాడు నీ వంకైనా చూస్తాడో లేదో.

మెడియాకి కుదిరితే కోరస్ మొత్తం కనబడేలా కాస్త వెనక సీటు తీసుకో, ఒథెల్లోకి ముందు వరస.

మీ పెద్దమ్మ