కారు మీది, నడిపింది ఫ్రెండ్: క్లెయిమ్ వస్తుందా?

ప్రశ్న: నా కారు ఫ్రెండ్ తీసుకెళ్లి మెహదీపట్నం దగ్గర డివైడర్‌కి కొట్టాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పాలసీ నా పేరు మీద ఉంది. నేనే నడిపానని రాస్తే ఈజీగా అయిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయను? - కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: అలా రాయకండి. అసలు ఆ అవసరమే లేదు. మన దగ్గర ఇన్సూరెన్స్ ఉండేది బండికి. కాంప్రిహెన్సివ్ పాలసీ ఉండి, మీ అనుమతితో నడిపిన మనిషికి ఆ రోజుకి చెల్లుబాటయ్యే కారు లైసెన్స్ ఉంటే, క్లెయిమ్ వస్తుంది. తాగి నడిపినా, లైసెన్స్ లేకపోయినా, అద్దెకు తిప్పినా రాదు. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే మీ కారు రిపేరుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వరు.

క్లెయిమ్ ఫారంలో డ్రైవర్ పేరు, లైసెన్స్ నంబర్ రాసే గడులు వేరుగా ఉంటాయి. అక్కడ ఫ్రెండ్ వివరాలే రాయండి, సంతకం మాత్రం మీది. ఆ టైములో మీరు ఆఫీసులో ఉన్నారని తేలితే, ఖాయంగా రావాల్సిన క్లెయిమ్ కూడా తప్పుడు సమాచారం కింద పోతుంది. సిగ్నల్ దగ్గరి కెమెరా ఫుటేజీ ఒక్కటి చాలు. ఇప్పుడే కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి. సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టనివ్వకండి.

ఇక క్లెయిమ్ చేయడం లాభమా అన్నది లెక్క వేద్దాం. కారుకి మూడేళ్లు దాటి నాలుగు నిండలేదని, బిల్లు 34,000 అని అనుకోండి. అందులో బంపర్, ఇతర ప్లాస్టిక్ భాగాలు 14,000. వీటిలో సగం, అంటే 7,000 తరుగు కింద కోస్తారు. ఇనుప ఫెండర్ 8,000. ఈ వయసుకి 25 శాతం, అంటే 2,000 పోతుంది. లేబర్ 12,000కి కోత లేదు. 1500 సీసీ లోపు కారుకి మీరు తప్పనిసరిగా భరించాల్సింది మరో 1,000. చేతికి 24,000 వస్తుంది. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే ఆ 9,000 తరుగు కోత కూడా సాధారణంగా ఉండదు.

పోయేది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మీ సొంత కారు నష్టానికి కట్టే భాగంలో, ఇచ్చే తగ్గింపు. నడిపింది ఫ్రెండే అయినా బోనస్ పోయేది మీదే. ఇప్పుడు 35 శాతం ఉంటే రెన్యువల్‌లో 45 రావాలి, అది సున్నా అవుతుంది. మళ్లీ 50కి చేరేదాకా, ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 9,000 అనుకుంటే, అయిదేళ్లలో దాదాపు 10,800 ఎక్కువ కడతారు. అయినా 24,000 వస్తోంది కాబట్టి క్లెయిమ్ చేయండి. బిల్లు పదిహేను వేలే అయితే చేయొద్దనే చెప్పేవాణ్ణి.

మీ ఫ్రెండ్ ఎంత ఇవ్వాలని అడిగితే, జేబులోంచి పోయే 10,000తో పాటు ఈ బోనస్ నష్టం కూడా కలిపి చెప్పండి. చాలామంది ఈ రెండోది అడగడం మర్చిపోతారు.